కనబడని జేబు

ఓబులప్ప చొక్కా రెండోసారి వెనక్కి వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు సనాకు కోపం వచ్చింది. ఈసారి కోపం కూడా రాలేదు, ఒట్టి అయోమయం మిగిలింది. చొక్కాను కత్తిరింపు బల్ల మీద పరిచి, గుండీలన్నీ పెట్టి, మెడ దగ్గర్నుంచి కింది అంచు దాకా వేలితో గీసుకుంటూ వచ్చింది. ఎడమ ముక్క మీది మెరూన్ గడి, గుండీలు దూర్చే కాజా పట్టీ దాటి, కుడి ముక్క మీదికి తిన్నగా వెళ్ళిపోతోంది. జేబు ఉందా లేదా అన్నట్టు ఉంది. కళ్ళు చికిలించుకుంటే తప్ప దాని అంచు దొరకదు. ఇంతకన్నా బాగా కుట్టే మనిషి ఉంటే వాడి కాళ్ళకు దండం పెట్టాలనుకుంది.

"జేబు బాగలేదంట అబ్బా," అంది తండ్రితో. "పోయినసారి పట్టీ బాగలేదన్నాడు. బాగలేదంటే ఏం బాగలేదో చెప్పడే! ఏం చేసుకోవాల నేను?"

ఘని గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని చేత్తో కాజాలు కుడుతున్నాడు. నడుం పట్టేసినప్పటి నుంచి ఆయన బల్ల దగ్గర నిలబడలేడు. తల ఎత్తకుండానే, "ఓబులప్ప అట్ల ఊరికే అనే మనిషి కాదు," అన్నాడు.

"అంటే నేను కుట్టింది బాగలేదనా?"

"బాగుండాది."

"మరి?"

ఘని సూదిలో దారం ఎక్కించుకుంటూ ఉండిపోయాడు. ఈ మనిషితో మాట్లాడడం కన్నా మిషన్‌తో మాట్లాడడం మేలు. అది కనీసం శబ్దమైనా చేస్తుంది.

ఈ చొక్కా ఒట్టి చొక్కా అయితే సనా ఇంత అల్లాడిపోయేది కాదు. ఓబులప్ప కొడుకు వెంకటేష్ మదనపల్లె టమోటా మార్కెట్లో మండీ నడుపుతాడు. ఈసారి గంగ జాతరకు తమ ఇంటి మగవాళ్ళు పదకొండు మందీ ఒకే రకం చొక్కాలు వేసుకోవాలని మదనపల్లెలో గళ్ళ గుడ్డ ఒక తాను మొత్తం కొన్నాడు. అంగుళమున్నర వెడల్పున ఒక మెరూన్ గడి, ఒక తెల్ల గడి, అడ్డంగా నిలువుగా అంతే. దాన్ని తెచ్చి పుంగనూరులో ఈ బల్ల మీద పడేసి, "కుప్పం కంపెనీలో చేసినా అంటివి గదా, ముందు మా నాయనకు ఒకటి కుట్టమ్మా. గడికి గడి కలవాల. షోరూం చొక్కా మాదిరి ఉండాల. బాగుంటే మిగతా పదీ నీకే. లేదంటే తాను ఎత్తుకోని మదనపల్లె టైలర్ కాడికి పోతా," అన్నాడు.

అతను వెళ్ళగానే ఘని ఒక మాట అన్నాడు. "ఆ పది చొక్కాలు నిలబెట్టుకో. బోర్డు మీద నా పేరు కింద నీ పేరు రాయిస్తా. నిలబెట్టుకోలేదంటే మగోళ్ళ చొక్కాలు ఈ షాపులో ఇంక వద్దు. బ్లౌజులు కుట్టుకో, లేదంటే కుప్పం పో."

కుప్పం! సనా అక్కడ బట్టల కంపెనీలో ఐదేళ్ళు పనిచేసింది. విదేశాలకు పోయే గళ్ళ చొక్కాలకు ఎడమ కాజా పట్టీ కుట్టడం ఆమె పని. ఒక్క పట్టీనే. కాలర్ వేరే వాళ్ళది, చేతులు వేరే వాళ్ళవి. రోజుకు వందల పట్టీలు చేతిలోంచి పోయేవి గాని, ఐదేళ్ళలో ఒక పూర్తి చొక్కా కుట్టిన పాపాన పోలేదు. గడికి గడి కలపడం మాత్రం కళ్ళు మూసుకున్నా వచ్చేసింది. ఒక చొక్కా మొత్తం తన చేతి మీద పుట్టాలన్న ఒక్క కోరికతో ఆమె పుంగనూరు తిరిగొచ్చింది. మళ్ళీ ఆ లైన్లో కూర్చోమంటే ఆమె ప్రాణం ఒప్పుకోదు.

అందుకని మొదటి చొక్కాకే ఉన్న విద్యంతా పెట్టింది. మామూలుగా అందరూ చేసేటట్టు గుడ్డను మడతపెట్టి రెండు ముందు ముక్కలూ ఒకేసారి కత్తిరించలేదు. అట్లా చేస్తే కింద పొర ఎటు జరిగిందో పైనుంచి కనబడదు. ఒక్క పొర మీద ఎడమ ముక్క కత్తిరించింది. దాన్ని తిరగేసి మిగతా గుడ్డ మీద పెట్టి, గడి మీద గడి కూర్చునే దాకా జరిపింది. పై ముక్క కింది గుడ్డలో కలిసిపోయి కనబడకుండా పోయాక, అప్పుడు కుడి ముక్క కత్తిరించింది. గుండీల గీత రెండు ముక్కల్లోనూ మెరూన్ గడికి నట్టనడుమ పడింది. గళ్ళు కలవాల్సింది అంచుల దగ్గర కాదు, ఆ గీత దగ్గర. గుండీ పెట్టినప్పుడు ఒకదాని మీదికి ఒకటి వచ్చేది ఆ గీతే కదా. జేబుకు కాగితం అచ్చును చొక్కా మీద పెట్టి, గళ్ళు ఎక్కడెక్కడ వస్తాయో దాని మీద పెన్సిల్‌తో గీసుకుని, ఆ గీతల ప్రకారం గుడ్డ మీద చోటు వెతికి కత్తిరించింది. ఇట్లా చేస్తే గుడ్డ ఎక్కువ పడుతుంది, పూట పని ఒక రోజు పడుతుంది. పోనీ అనుకుంది.

ఓబులప్ప కొలతల కోసం తన పాత చొక్కా ఒకటి ఇచ్చాడు. ఘని కుట్టినదే. దాన్ని చూసి సనా సిగ్గుతో చచ్చిపోయింది. అదీ గళ్ళ చొక్కానే. కాజా పట్టీ మీద గళ్ళు ఒక గడి కిందికి దిగిపోయాయి. జేబు మీద ఒక గడి పక్కకు జరిగాయి. నల్ల గడి పక్కన నల్లది రావలసిన చోట తెల్లది వచ్చి, చూసేవాళ్ళను వెక్కిరిస్తోంది. కుప్పంలో ఇట్లాంటి ముక్క లైన్లో వస్తే సూపర్‌వైజర్ ముఖాన కొట్టేది. అబ్బాకు గళ్ళు కలపడం రాదు పాపం అనుకుని, ఆ చొక్కాను మడతపెట్టి ఎవరికీ కనబడకుండా అరలో పెట్టింది.

మొదటిసారి ఓబులప్ప వచ్చి, "పట్టీ సరిగా లేదమ్మా," అన్నప్పుడు ఆమె నిజంగానే తప్పు వెతికింది. కిందెక్కడో నూలుపోగంత తేడా దొరికింది. మిషన్ పళ్ళు కింది పొరను ముందుకు లాగుతాయి, పైన పాదం పై పొరను ఆపుతుంది. పొడుగు కుట్టులో ఆ కొంచెం కొంచెం పోగై కింద తేలుతుంది. సరే, పట్టీ మొత్తం ఊడదీసి, గుడ్డ జరగకుండా చేత్తో గడికొక కచ్చా కుట్టు వేసి, మళ్ళీ మిషన్ మీద కుట్టింది. ఆ పోగు తేడా కూడా పోయింది.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. ఈసారి జేబు.

"జేబు చిన్నదయిందా తాతా?"

"చిన్నది కాదు."

"కింద పడిందా? పైకి జరపాల్నా?"

"పైకీ వద్దు, కిందికీ వద్దు." గొర్రెలు మేపే డెబ్బై ఏళ్ళ ఓబులప్ప భుజం మీది తువ్వాలు అటూ ఇటూ మార్చుకున్నాడు. "మీ నాయన కుట్టినట్టు కుట్టు. అంతే."

మీ నాయన కుట్టినట్టు! సనాకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. అంటే ఈయనకు ఆడపిల్ల కుట్టిన చొక్కా వద్దు, అంతే కదా. ఆ మాట ముఖాన అనలేక పట్టీ అంటాడు, జేబు అంటాడు. కానీ అట్లా అనుకున్నా సరిపోలేదు. అట్లాంటి మనిషే అయితే రెండుసార్లు గొర్రెలను వదిలిపెట్టి, బస్సెక్కి తన దగ్గరికే ఎందుకు వస్తాడు? మళ్ళీ తననే ఎందుకు కుట్టమంటాడు? ఎటు నుంచి లెక్క వేసినా ఒక గడి మిగిలిపోతోంది.

జాతర ఇంకో తొమ్మిది రోజులుందనగా వెంకటేష్ ఫోన్ చేశాడు. "ఏమ్మా, ఒక్క చొక్కాకు ఇన్ని దినాలా? ఈ పొద్దు సాయంత్రం వస్తాండా. నాయనది సూస్తా. నచ్చితే సరి, లేదంటే తాను తీసుకుపోతా."

అదే రోజు మధ్యాహ్నం ఓబులప్ప తనంతట తానే వచ్చాడు. సనా ఈసారి నోటి మాట నమ్మదలచుకోలేదు. "తాతా, ఈడనే వేసుకోని సూపించు. యాడ బాగలేదో నేనే సూస్తా," అని చొక్కా చేతికిచ్చింది.

ఆయన అటు తిరిగి చేతులు తొడుక్కున్నాడు. ఇటు తిరిగి గుండీలు పెట్టుకోబోయాడు. కాజా పట్టీ అంచు కోసం ఎడమ చెయ్యి రొమ్ము మీద తడుముతోంది. ఒకసారి అంచును దాటిపోయింది. ఒకసారి గుడ్డను ముద్దగా పట్టుకుని వదిలేసింది. చివరికి పై గుండీని రెండో కాజాలో దూర్చాడు. అప్పుడే సనా ఆయన చూపుడువేలు చూసింది. గోరు పక్కన బీడీ అంటుకుని కాలిన మచ్చ ఉంది. పాతది కాదు, పచ్చిగా ఉంది.

"వేలు కాలింది తాతా!"

"యాడ?" అని ఆయన వేరే వేలు చూసుకున్నాడు.

సనాకు ఇంకా ముడి విడలేదు. బల్ల మీది రసీదు ముక్క తీసి ఇచ్చింది. "ఇది జేబులో పెట్టుకో తాతా."

ఓబులప్ప రసీదు తీసుకున్నాడు. చెయ్యి రొమ్ము మీద జేబు ఉండవలసిన చోటికే పోయింది. కాగితం జేబు అంచు పైనే జారుకుంటూ కిందికి వచ్చింది. ఆయన వేళ్ళు వదిలేశాయి. రసీదు నేల మీద పడింది. ఆయన మాత్రం జేబులో పెట్టాననుకుని చెయ్యి దించేశాడు.

ఘని కాజా కుట్టడం ఆపేశాడు.

"పడిపోయింది తాతా," అంది సనా మెల్లగా.

ఆయన కింద చూడలేదు. చూసినా లాభం లేదని అప్పటికి ఆమెకూ తెలిసింది. స్టూలు లాగి ఇస్తే దాని మీద కూలబడ్డాడు.

"సుగరు జబ్బమ్మా," అన్నాడు. "వేళ్ళకు తెలీదు. పట్టుకున్నానో లేదో కంటితో సూసుకోవాల. ఆ కండ్లూ మసకైపోయినాయి. మీ నాయన చొక్కాలో పట్టీ కాడ, జేబు కాడ గళ్ళు తెగి ఉంటాయి. నలుపు ఆగిపోయి తెలుపు వస్తాది సూడు, ఆ తెగిన కాడ నాకు గీత కనబడతాది. ఆ గీత పట్టుకోని గుండీ పెట్టుకుంటా, జేబులో చెయ్యి పెడతా. నీ చొక్కా అంతా ఒకే గుడ్డ లాగుండాది తల్లీ. దాంట్లో నాకు దావ దొరకదు."

ఐదేళ్ళు కుప్పంలో ఏ సూపర్‌వైజరూ అనని మాట అది. అంతా ఒకే గుడ్డ లాగుంది. పట్టీ కుట్టే మనిషికి ఇంతకు మించిన మెప్పు లేదు. ఆ మెప్పును పట్టుకుని సనా ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడింది.

"మరి ఆ మాట ముందే చెప్పొచ్చు గదా తాతా?"

"వెంకటేషుకు తెలిస్తే గొర్రెలమ్మేస్తాడు," అన్నాడు ఓబులప్ప. "ఇంకా ఏల మేపుతావు, ఇంట్లో కూర్చో అని సంవత్సరం నుంచి పోరు పెడతాండాడు. గొర్రెలు నాకు అరుపుతో తెలుస్తాయమ్మా. ఏది యాడుండాదో మెడలో గంట శబ్దంతో చెప్తా. వాటి కాడ నాకు కండ్లతో పని లేదు. ఇంట్లో మంచం మీద కూర్చోబెడితే మాత్రం నేను నిజంగా గుడ్డోడ్నే."

సనా గోడ గడియారం చూసింది. వెంకటేష్ రావడానికి మూడు గంటలుంది. పోనీ మధ్యేమార్గం ఏదైనా ఉందా? జేబును ఏటవాలుగా కత్తిరిస్తే అది ఫ్యాషన్ లాగా ఉంటుంది, తప్పు కుట్టినట్టు ఉండదు. చాలామంది గళ్ళు కలపలేక ఆ ఉపాయమే చేస్తారు. ఒక ముక్క ఏటవాలుగా తిప్పి ఆయన రొమ్ము మీద పెట్టింది.

"ఇప్పుడు కనబడతాందా తాతా?"

"ఏందో కలగాపులగంగా ఉండాది. అంచు యాడో తెలీడంలే."

ముక్కను తిన్నగా చేసింది. ఒక గడి పక్కకు జరిపింది. మెరూన్ పక్కన తెలుపు, తెలుపు పక్కన మెరూన్. ఓబులప్ప వేలు నేరుగా వచ్చి ముక్క అంచు మీద ఆగింది.

"ఇదో," అన్నాడు చిన్నపిల్లాడిలా. "ఈడుండాది."

సనా తండ్రి వైపు చూసింది. ఆయన ఒక మాట చెబుతాడేమో అని. పది చొక్కాలు, బోర్డు, కుప్పం, అన్నీ ఆయనకూ గుర్తున్నాయి కదా. ఘని కాజాలో తల దూర్చి కూర్చున్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది. ఇంకెవరి మీదా చూపించలేక కత్తెర మీద చూపించింది.

తను అంత ముద్దుగా కలిపిన పట్టీనీ, జేబునూ బ్లేడుతో ఊడదీసింది. గుడ్డ తాను విప్పి, కొత్త పట్టీ ముక్కను ఒక గడి కిందికి జరిపి కత్తిరించింది. జేబును ఒక గడి పక్కకు జరిపి కత్తిరించింది. తప్పుగా కుట్టడం కూడా సులువు కాదని అప్పుడు తెలిసింది. అర గడి జరిగితే ఆయనకు గీత మసకగా ఉంటుంది. నిండు గడి జరగాలి. అందుకని తప్పును కూడా సూది గుచ్చి, కచ్చా కుట్టు వేసి, మెరూన్ గడికి తెల్ల గడి ఎదురు పడేటట్టు కుట్టింది. చేతులు పనిచేస్తున్నాయి గాని మనసు మాత్రం అయ్యో అయ్యో అంటూనే ఉంది.

ఇస్త్రీ వేడి తగ్గకముందే ఓబులప్ప తొడుక్కున్నాడు. గుండీలు పైనుంచి కింది దాకా ఒక్కటి తప్పకుండా పెట్టుకున్నాడు.

"జాతర అయినాక నాతో కుప్పం రావాల," అంది సనా. "ఆడ కంటి డాక్టరుండాడు. మసక తీసేస్తారేమో సూద్దాం. దీనికి ఒప్పుకుంటేనే చొక్కా ఇస్తా."

"సూద్దాంలే," అన్నాడు ఆయన.

"సూద్దాంలే కాదు."

"వస్తాలే తల్లీ."

చెప్పిన టైముకు వెంకటేష్ బైకు ఆగింది. లోపలికి వచ్చీ రాగానే తండ్రి రొమ్ము వైపు చూశాడు. చూసి, ముందుకు వంగి మళ్ళీ చూశాడు.

"ఏందమ్మా ఇది? పట్టీ ఒక దిక్కు, జేబు ఒక దిక్కు. గడికి గడి కలవాలని నీకు తెలుగులోనే గదా చెప్పినా?"

సనా ఓబులప్ప వైపు చూడలేదు. చూస్తే నోరు జారుతుందని భయం. "కలవలేదన్నా," అంది.

"కలవలేదని నువ్వే చెప్తాండావే! కుప్పం కంపెనీలో చేసినా అంటివి. ఇదేనా ఆడ నేర్చింది?"

ఊడదీసిన మొదటి పట్టీ, మొదటి జేబు బల్ల కింద బుట్టలోనే ఉన్నాయి. తీసి ముఖాన పెడితే సరిపోతుంది. చెయ్యి బుట్ట దాకా పోయింది కూడా. అప్పుడు ఓబులప్ప, "పోనీలేరా, నాకు బాగుండాది," అన్నాడు. అంటూ బస్సు టికెట్ కోసం పక్కన పెట్టుకున్న పది రూపాయల నోటు తీసి జేబులో పెట్టుకున్నాడు. తడుముకోలేదు, కిందకు చూసి చూడనట్టు చూశాడు, చెయ్యి నేరుగా పోయింది. సనా బుట్టలోంచి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నీకేం తెలుసు నాయనా, నీకన్నీ బాగుంటాయి," అని వెంకటేష్ గుడ్డ తాను చంకన పెట్టుకున్నాడు. ఘని వైపు తిరిగి, "ఏమనుకోవద్దు ఘని భాయ్. నీ బిడ్డకూ నీ చెయ్యే వచ్చింది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తండ్రిని బైకు వెనక ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

బైకు శబ్దం సందు దాటే దాకా సనా ఓర్చుకుంది. తర్వాత అరలోంచి పాత చొక్కా తీసింది. నల్లది ఆగిపోయి తెల్లది వచ్చే చోట వేలు పెట్టింది. సరిగ్గా నిండు గడి. పట్టీ మీదా నిండు గడే. లోపలి వైపు తిప్పి చూసింది. గడి గడికీ కచ్చా కుట్టు వేసి తీసిన సన్నటి రంధ్రాలు వరసగా ఉన్నాయి. పని రానివాడు ఎవడైనా తప్పును ఇంత శ్రద్ధగా కుడతాడా?

"అబ్బా," అంది. "నీకు గళ్ళు కలపడం వచ్చా?"

ఘని పళ్ళతో దారం కొరికాడు. "ఎవరికీ చెప్పొద్దని ఓబులప్ప నా చేతిలో చెయ్యేసినాడు. నీకు కూడా."

"ఎన్నేండ్లయింది?"

"నాలుగు. వెంకటేషు వాళ్ళ నాయన చొక్కా సూసి అప్పుడే వాడి చొక్కాలు మదనపల్లెకు మార్చుకున్యాడు. వాడ్ని సూసి ఇంకొందరు." ఆయన తను కుట్టిన కాజాను వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. "ఘని సాయిబుకు గళ్ళు కలపడం రాదని ఊరంతా అంటాది. నా బిడ్డ కూడా అనుకుంటాండాది గదా అని, అదొక్కటే బాధగా ఉండె."

ఆ చొక్కాను ఎవరికీ కనబడకుండా అరలో దాచింది ఆయన చూసే ఉంటాడు. బుట్టలోంచి ఊడదీసిన పట్టీ తీసి బల్ల మీద పెట్టింది, దాన్ని చేత్తో సాపు చేస్తూ నిలబడింది. పోయిన పది చొక్కాలకు ఏడుస్తోందో, ఇంకెందుకో ఆమెకే తెలియలేదు.

"మరి బోర్డు?" అంది చివరికి, కళ్ళు తుడుచుకుంటూ.

"బోర్డులు రాసే యువరాజుకు పెయింటు తెమ్మని చెప్పినా," అన్నాడు ఘని. "కొలతలు నువ్వే గీసియ్యి. నా పేరు, నీ పేరు ఒక వరసలో రావాల."